గాజు నుంచి గాలిలోకి: సంపూర్ణాంతర పరావర్తనం ఎందుకు జరుగుతుంది, సందిగ్ధ కోణాన్ని ఎలా లెక్కకట్టాలి

నున్నటి గాజు గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోయండి. గ్లాసు బయటి వైపు పొడిగుడ్డతో తుడిచి, పొడి వేళ్లతో తేలికగా పట్టుకోండి. ఇప్పుడు పైనుంచి, నీటి ఉపరితలం గుండా, ఎదుటి గోడను చూడండి. గోడ వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. దాని వెనకే ఉన్న మీ వేళ్లు కనిపించవు. ఇక వేళ్లను కాస్త తడి చేసి గట్టిగా అదమండి. ఆ వెండి తెర మీద వేలిముద్రల గీతలు ఒక్కొక్కటిగా తేలతాయి. గీతల మధ్య పల్లాలు మాత్రం ఇంకా వెండిలాగే ఉంటాయి.

ఆ గోడకు ఏ పూతా లేదు. అద్దంలా పనిచేస్తున్నది గోడ అవతల ఉన్న గాలి. కచ్చితంగా చెప్పాలంటే, గాలిలోకి వెళ్లడానికి ఆ వెలుతురుకు దారి లేకపోవడం. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటాం. ఇది ఏ కోణం దగ్గర మొదలవుతుందో ఆ కోణం సందిగ్ధ కోణం. ఆ కోణం సూత్రాన్ని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పేస్తాయి. దారి ఎందుకు మూసుకుంటుందన్నది మాత్రం చాలా పుస్తకాల్లో దాటవేతకు గురైంది. అందుకే ముందు కారణం చూసి, తర్వాత లెక్కలోకి వెళదాం. గ్లాసు ఉదాహరణలో నీరు, గాజు, గాలి మూడూ ఉన్నాయి. లెక్క సులువుగా ఉండటానికి గాజు, గాలి మాత్రమే తీసుకుంటాను. గ్లాసు దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

కోణాన్ని ఎక్కడి నుంచి కొలవాలి

రెండు యానకాలు కలిసే తలానికి, కిరణం తాకిన చోట నిటారుగా ఒక గీత గీస్తే అది లంబం. కోణాలన్నీ ఈ లంబం నుంచే కొలవాలి, తలం నుంచి కాదు. తలానికి నిటారుగా వచ్చే కిరణం పతన కోణం 0°. తలాన్ని రాసుకుంటూ వచ్చే కిరణం పతన కోణం దాదాపు 90°. చిన్న విషయమే, కానీ సందిగ్ధ కోణం 48.2° అని రాసిన జవాబు పత్రం కనిపిస్తే, ఆ విద్యార్థి తలం నుంచి కొలిచాడని వెంటనే చెప్పవచ్చు. గాజు నుంచి గాలిలోకి అసలు జవాబు 41.8° అని ముందు ముందు చూస్తాం, 90 లోంచి దాన్ని తీసేస్తే వచ్చేది 48.2.

ఇంకొక మాట. గాజును సాంద్రతర యానకం, గాలిని విరళ యానకం అంటారు. ఇక్కడి సాంద్రత బరువుకు సంబంధించినది కాదు. వంటనూనె నీటి మీద తేలుతుంది, అంటే నీటికన్నా తేలిక. అయినా నూనెలో కాంతి నీటిలో కన్నా నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి కాంతి విషయంలో నూనే సాంద్రతరం. కాంతి వేగం ఎంత తగ్గిందో చెప్పే సంఖ్యే వక్రీభవన గుణకం. మామూలు గాజుకు దీన్ని 1.5గా తీసుకుంటాం. అంటే గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే కాంతి గాజులో 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. కింది వివరణ మొత్తం ఈ రెండు వేగాల మీదే నడుస్తుంది.

దారి ఎందుకు మూసుకుంటుంది

సముద్రపు అల ఒడ్డుకు ఏటవాలుగా రావడం గమనించారా? పొడవాటి అల ఒడ్డును ఒకేసారి తాకదు. ముందు ఒక చివర తాకుతుంది, తర్వాత ఆ తాకే చోటు ఒడ్డు వెంట పరుగు తీస్తుంది. ఆ పరుగు వేగం అల వేగం కన్నా ఎక్కువ. అల ఒడ్డుకు దాదాపు సమాంతరంగా వస్తే ఒడ్డంతా ఇంచుమించు ఒకేసారి తాకుతుంది కాబట్టి, తాకే చోటు విపరీతమైన వేగంతో పరిగెత్తినట్టు ఉంటుంది. అల ఎంత ఏటవాలుగా వస్తే ఆ పరుగు అంత నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదించినా అల సొంత వేగం కన్నా తగ్గదు.

గాజులోంచి వచ్చి తలాన్ని తాకే కాంతి తరంగానిదీ ఇదే తీరు. తరంగ శృంగం తలాన్ని తాకే బిందువు తలం వెంట పరిగెడుతుంది. దాని వేగం ఇంత:

తలం వెంట వేగం = (ఆ యానకంలో కాంతి వేగం) ÷ sin (కిరణానికి, లంబానికి మధ్య కోణం)

గాజులో పతన కోణం 30° అనుకుందాం. sin 30° = 0.5 కాబట్టి తాకే బిందువు 2 ÷ 0.5, అంటే సెకనుకు 4 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. కాంతి వేగాన్ని మించిపోయిందని కంగారు పడనక్కర్లేదు. అక్కడ ఏ వస్తువూ, ఏ సందేశమూ ప్రయాణించడం లేదు. వేర్వేరు చోట్ల శృంగం వేర్వేరు క్షణాల్లో తాకుతోంది, అంతే.

గాలిలో పుట్టే తరంగం ఈ తాకే బిందువులతో కలిసి నడవాలి. తలానికి ఇవతల శృంగం ఉన్న చోట, ఆ క్షణంలో, అవతలా శృంగమే ఉండాలి. తలం దగ్గర తరంగం తెగిపోకూడదు కదా. కాబట్టి రెండు వైపులా తలం వెంట వేగం ఒకటే కావాలి. గాలిలోని తరంగం దీన్ని ఎలా సాధిస్తుంది? దాని సొంత వేగం 3 లక్షలు, అది మారదు. దాని చేతిలో ఉన్నది దిశ ఒక్కటే. 4 లక్షలు రావాలంటే 3 ÷ sin (గాలిలో కోణం) = 4 కావాలి. అంటే sin విలువ 0.75, కోణం 48.6°. గాజులో 30°, గాలిలో 48.6°. కిరణం లంబానికి దూరంగా వంగింది. స్నెల్ నియమం ఇదే:

n₁ sin θ₁ = n₂ sin θ₂

ఇక్కడ n అంటే ఆయా యానకం వక్రీభవన గుణకం, θ అంటే అందులో కిరణం లంబంతో చేసే కోణం. తలానికి రెండు వైపులా శృంగాలు జతగా నడవాలన్న షరతును కోణాల భాషలో రాస్తే ఈ సమీకరణం వస్తుంది.

ఇప్పుడు గాజులో పతన కోణాన్ని పెంచుతూ పోదాం. sin పెరిగేకొద్దీ తలం వెంట వేగం తగ్గుతుంది. 4 లక్షల నుంచి 3.5 లక్షలకు, అక్కడి నుంచి 3.1 లక్షలకు. గాలిలోని తరంగం తన కోణాన్ని పెంచుకుంటూ, తలం వైపు ఒరుగుతూ, ఎలాగో ఆ వేగాన్ని అందుకుంటుంది. కానీ గాలి తరంగానికి ఒక కనిష్ఠం ఉంది. అది పూర్తిగా ఒరిగి, తలానికి సమాంతరంగా పోయినా తలం వెంట దాని వేగం 3 లక్షలే. అంతకన్నా నెమ్మదిగా పోవడం దాని వల్ల కాదు. గాజులోని తరంగానికి ఆ ఇబ్బంది లేదు, అది 2 లక్షల దాకా దిగగలదు. పతన కోణం 60° అయితే తలం వెంట వేగం 2 ÷ 0.866, అంటే సుమారు 2.31 లక్షలు. అంత నెమ్మదిగా తలం వెంట నడిచే తరంగం గాలిలో ఏ దిశలోనూ లేదు. అందుకే కాంతి మొత్తం వెనక్కి తిరుగుతుంది.

వేగం తక్కువగా ఉన్న యానకం నుంచి ఎక్కువగా ఉన్న యానకంలోకి వెళ్లేటప్పుడే ఇది జరగడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. గాలి నుంచి గాజులోకి వస్తే తలం వెంట వేగం ఎప్పుడూ 3 లక్షలకు తగ్గదు. గాజులోని తరంగం 2 లక్షల నుంచి పైకి ఎంతైనా అందుకోగలదు. దానికి ఎప్పుడూ ఒక దిశ దొరుకుతుంది.

లెక్క, అడుగడుగునా

దారి మూసుకునే అంచు అంటే గాలిలో కోణం సరిగ్గా 90° అయ్యే క్షణం. స్నెల్ నియమంలో అదే పెడతాం. గాజు వైపు n₁ = 1.5, గాలి వైపు n₂ = 1, θ₂ = 90°. sin 90° విలువ 1. అప్పుడు గాజు వైపు ఉండే θ₁ సందిగ్ధ కోణం, దాన్ని θc అని రాద్దాం.

1.5 × sin θc = 1 × 1
sin θc = 1 ÷ 1.5 = 0.6667
θc = sin⁻¹(0.6667) = 41.8°

గాలి గుణకం నిజానికి 1 కాదు, సుమారు 1.0003. దాన్ని లెక్కలోకి తీసుకుంటే జవాబు 0.015° మారుతుంది. కోణమానినితో కొలిచేవారికి అది లేనట్టే లెక్క.

కాలిక్యులేటర్ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. sin 41° = 0.6561, sin 42° = 0.6691. మనకు కావలసిన 0.6667 ఈ రెంటి మధ్య ఐదింట నాలుగు వంతుల దూరంలో ఉంది కాబట్టి 41.8° అని నేరుగా రాయవచ్చు. కాగితం మీద గీసి చూపడం ఇంకా అందంగా ఉంటుంది. 6 సెంటీమీటర్ల కర్ణం, 4 సెంటీమీటర్ల ఎదుటి భుజం ఉన్న లంబకోణ త్రిభుజం గీయండి. ఆ 4 సెంటీమీటర్ల భుజానికి ఎదురుగా ఉన్న కోణమే సందిగ్ధ కోణం. 4 ÷ 6 అంటే 1 ÷ 1.5 కదా.

కాలిక్యులేటర్ వాడేటప్పుడు జరిగే తప్పులు మూడే. ప్రతి తప్పుకూ దాని సొంత జవాబు ఉంటుంది కాబట్టి, జవాబు చూసి తప్పు పట్టుకోవచ్చు. 0.7297 వచ్చిందంటే యంత్రం రేడియన్లలో ఉంది. నేను చదువుకునే రోజుల్లో ప్రయోగ పరీక్షలో ఈ 0.73ను డిగ్రీలుగా రాసేసి, గాజు ఎంత మహిమ గలదో అనుకున్నాను. 46.5 వచ్చిందంటే కోణాల ప్రమాణం గ్రేడియన్లలో పడింది, అందులో లంబకోణం 100. తెర మీద Error వచ్చిందంటే భాగహారం తలకిందులైంది, sin⁻¹(1.5) అడిగారు. ఈ చివరి తప్పు ఒకందుకు మంచిదే. ఏ కోణానికీ sin విలువ 1 దాటదు కాబట్టి, గాలి నుంచి గాజులోకి సందిగ్ధ కోణం ఉండదని కాలిక్యులేటరే చెబుతోంది.

ఇదే మరోలా కూడా పనికొస్తుంది. ఏదైనా ఒక కోణం ఇచ్చి, కాంతి బయటికి వస్తుందా రాదా అని అడిగితే సందిగ్ధ కోణం కట్టనక్కర్లేదు. 1.5 × sin θ చూడండి. 45° అయితే 1.5 × 0.7071 = 1.06. ఒకటి దాటింది, బయటికి రాదు. 40° అయితే 0.964. దాటలేదు, వస్తుంది, గాలిలో 74.6° కోణంతో వస్తుంది.

అంచు దగ్గర ఏం జరుగుతుంది

41.8° దగ్గర తలుపు ధబేలున మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అంతకు ముందు కాంతి అంతా బయటికి, ఆ తర్వాత అంతా లోపలికి అన్నట్టు. అలా కాదు. గాజు నుంచి గాలిలోకి నిటారుగా వచ్చే కాంతిలో కూడా 4 శాతం వెనక్కి తిరుగుతుంది. 30° దగ్గర అది సుమారు 5.5 శాతం. 40° దగ్గర పావు వంతు. 41° దగ్గర 38 శాతం, 41.5° దగ్గర 54 శాతం. అక్కడి నుంచి మిగిలిన 0.3 డిగ్రీలలో నూటికి నూరూ అయిపోతుంది. అంటే పరావర్తనం మొదటి నుంచీ ఉంది, చివర్లో మిగతా కాంతినంతా అది లాగేసుకుంది. అందుకే పేరులో సంపూర్ణ అన్న మాట ఉంది.

ఇటు బయటి కిరణం దిశ కూడా చివర్లో తొందరపడుతుంది. లోపల 40° ఉన్నప్పుడు బయట 74.6°. లోపల 41° అయితే బయట 79.8°. 41.8° అయితే 88.9°. చివరి 0.8 డిగ్రీకి బయటి కిరణం 9 డిగ్రీలు తిరిగింది. తలం వెంట ప్రయాణించే 90° కిరణాన్ని పుస్తకాలు చక్కగా బాణం గుర్తుతో గీస్తాయి కానీ, దాన్ని చూడాలనుకుని ప్రయోగశాలలో వెతకకండి. సరిగ్గా ఆ కోణం దగ్గర దాని శక్తి సున్నా.

కొలిచి చూడటం

లెక్కలో 1.5 అని రాసేశాం గానీ, చేతిలో ఉన్న గాజు గుణకం అదేనని ఏమిటి నమ్మకం? కోణం కొలిచి గుణకం కట్టడమే అసలు ఉపయోగం. దీనికి అర్ధవృత్తాకారపు గాజు దిమ్మె కావాలి. ఆ ఆకారానికి కారణం ఉంది. వంపు వైపు నుంచి కేంద్రం వైపు గురిపెట్టిన కిరణం వంపు తలాన్ని నిటారుగా తాకుతుంది, కాబట్టి అక్కడ వంగదు. వక్రీభవనం చదును తలం దగ్గర ఒక్కచోటే జరుగుతుంది.

తెల్ల కాగితం మీద ఒక సరళరేఖ గీసి, దాని మధ్య బిందువు నుంచి లంబం గీయండి. దిమ్మె చదును అంచు సరళరేఖ మీద, అంచు మధ్య బిందువు లంబం మీద పడేలా అమర్చండి. దీని మీదే ఫలితం ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. సన్నటి కాంతి పుంజాన్ని వంపు వైపు నుంచి కేంద్రానికి గురిపెట్టండి. లేజర్ వాడితే పుంజం కాగితం మట్టంలోనే పోవాలి, కళ్ల ఎత్తుకు లేవకూడదు. పతన కోణాన్ని 30° నుంచి మెల్లగా పెంచండి. బయటి పుంజం తలం వైపు ఒరుగుతూ మసకబారుతుంది, లోపల పరావర్తన పుంజం ప్రకాశిస్తుంది. తెల్లటి దీపం వాడితే బయటి పుంజం అంచులు రంగులుగా విడిపోతాయి. బయటి పుంజం మాయమైన క్షణంలో పతన కిరణం మీద రెండు చుక్కలు పెట్టి, తర్వాత కోణం కొలవండి.

ఇక్కడితో ఆపకుండా, పుంజాన్ని లంబానికి అవతలి వైపుకు మార్చి మళ్లీ కొలవండి. ఒక కొలతలో ఎడమ వైపు 42.0°, కుడి వైపు 41.2° వచ్చాయనుకుందాం. తేడా చూసి నిరాశ పడనక్కర్లేదు. దిమ్మె కొద్దిగా పక్కకు జరిగి ఉంటే, లేదా లంబం కొద్దిగా ఒరిగి ఉంటే, ఒక వైపు ఎంత పెరుగుతుందో రెండో వైపు దాదాపు అంతే తగ్గుతుంది. సగటు 41.6°. గుణకం 1 ÷ sin 41.6° = 1 ÷ 0.6639 = 1.506.

ఈ మూడు దశాంశ స్థానాల్లో ఎన్నిటిని నమ్మాలి? కోణంలో అర డిగ్రీ తప్పితే గుణకం సుమారు 0.015 మారుతుంది. కాబట్టి న్యాయంగా రాయాల్సింది 1.51, కొద్దిగా అటూ ఇటూగా. 1.506 అని రాస్తే మన కోణమానినికి లేని గొప్పతనం దానికి అంటగట్టినట్టే. ఎడమ, కుడి కొలతల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా వస్తే మాత్రం సగటు తీసి సరిపెట్టుకోకుండా దిమ్మెను మళ్లీ అమర్చడం మంచిది.

రంగుల సంగతి ఒక్క మాట. గాజు గుణకం అన్ని రంగులకూ ఒకటి కాదు. కాంతి పరికరాల్లో ఎక్కువగా వాడే BK7 గాజుకు ఎరుపు కాంతిలో సుమారు 1.514, నీలి కాంతిలో సుమారు 1.522. సందిగ్ధ కోణాలు వరసగా 41.34°, 41.07°. అంటే కోణం పెంచుతూ పోతే నీలం ముందు లోపలికి తిరిగిపోతుంది, బయట చివరగా మిగిలేది ఎరుపు. తెల్లటి కాంతితో కొలిచేవారు ఏ రంగు మాయమైనప్పుడు చుక్క పెట్టారో రాసుకోవాలి. లేకపోతే పావు డిగ్రీ అనుమానం అలాగే ఉండిపోతుంది.

కిటికీ గాజులో ఇది ఎందుకు కనిపించదు

గాజులో సందిగ్ధ కోణం 41.8° అయితే, కిటికీ అద్దంలోకి బాగా ఏటవాలుగా చూసినప్పుడు అవతలి దృశ్యం మాయమై వెండిలా మెరవాలి కదా? మెరవదు. ఏటవాలుగా చూస్తే పరావర్తనం పెరుగుతుంది గానీ, అవతలి దృశ్యం పూర్తిగా మూసుకుపోదు. స్నెల్ నియమాన్ని రెండు తలాల దగ్గరా రాస్తే కారణం తెలుస్తుంది. ఒక వైపు గాలి నుంచి ఏ కోణంతో కిరణం లోపలికి వచ్చినా, గాజులో దాని కోణం 41.8° దాటదు. ఎందుకంటే బయట గరిష్ఠంగా ఉండగలిగేది 90°. రెండో తలం మొదటిదానికి సమాంతరం కాబట్టి అదే కోణంతో దాన్ని తాకుతుంది. హద్దు దాటలేదు, కాబట్టి బయటికి వస్తుంది, వచ్చిన దిశలోనే వస్తుంది.

గాజు ఘనం తీసుకుంటే కథ మారుతుంది. పై ముఖం నుంచి లోపలికి వచ్చిన కిరణం పక్క ముఖాన్ని తాకుతుంది. పై ముఖం లంబంతో దాని కోణం 41.8° దాటదు కాబట్టి, పక్క ముఖం లంబంతో కనీసం 48.2° ఉంటుంది. అది సందిగ్ధ కోణం కన్నా ఎక్కువ. కాబట్టి గాజు ఘనంలోకి పైనుంచి ఎక్కడ కన్ను పెట్టినా పక్క ముఖాల గుండా బయటి ప్రపంచం కనిపించదు, అవన్నీ అద్దాలే. గుణకం √2, అంటే 1.414 కన్నా ఎక్కువైతే ఇది తప్పదు. 45° పట్టకాలతో బొమ్మను తిప్పే బైనాక్యులర్లు కూడా ఈ సంఖ్య మీదే బతుకుతున్నాయి. వాటిలో కాంతి పట్టకం ముఖాన్ని 45°తో తాకుతుంది, గాజు గుణకం 1.414ను దాటింది కాబట్టి వెండి పూత లేకుండానే పూర్తి పరావర్తనం దొరుకుతుంది. అల్యూమినియం పూసిన అద్దం ప్రతిసారీ పదో వంతు దాకా కాంతిని మింగేస్తుంది. శుభ్రంగా ఉన్న గాజు ముఖం ఆ మేర ఏమీ మింగదు.

శుభ్రంగా అన్న మాట ఊరికే వాడలేదు. ఆ పట్టకం ముఖం మీద నీటి బొట్టు పడితే అక్కడ బయటి యానకం గాలి కాదు, 1.33 గుణకం ఉన్న నీరు. లెక్క ఇలా మారుతుంది: sin θc = 1.33 ÷ 1.5 = 0.887, θc = 62.5°. కాంతి తాకుతున్నది 45°తో. అది ఇప్పుడు హద్దు కన్నా తక్కువ కాబట్టి బొట్టు ఉన్నంత మేర వెలుతురు బయటికి కారిపోతుంది. సందిగ్ధ కోణం ఒక్క గాజు గుణం కాదు, గాజూ దాన్ని తాకి ఉన్న పదార్థమూ కలిసి నిర్ణయించేది. లెక్క మొదలుపెట్టే ముందు అవతల ఏముందో చూసుకోవాలి.

అవతల ఏమీ ఉండదా?

గాలిలోకి కిరణం పోదు, నిజమే. కానీ తలం దాటిన వెంటనే అంతా శూన్యం అనుకుంటే, మొదట చెప్పిన షరతు దెబ్బతింటుంది. ఇవతల శృంగాలు పరిగెడుతుంటే అవతల ఏమీ లేకుండా తరంగం తెగిపోకూడదు. గాలిలో నిజంగా ఉండేది తలాన్ని అంటిపెట్టుకుని, దూరం పోయేకొద్దీ వేగంగా క్షీణించే కంపనం. అది శక్తిని గాలిలోకి మోసుకుపోదు. సోడియం దీపపు పసుపు కాంతికి (589 నానోమీటర్లు), 1.5 గుణకం ఉన్న గాజులో 45° పతన కోణానికి, ఆ కంపనం తలం నుంచి సుమారు 265 నానోమీటర్ల దూరంలో మూడో వంతుకు కాస్త ఎక్కువగా మిగులుతుంది. 60° దగ్గర ఈ దూరం 113 నానోమీటర్లు. సందిగ్ధ కోణానికి దగ్గరగా, 42° దగ్గర, ఒక మైక్రోమీటరు దాటుతుంది.

ఆ కొద్ది దూరంలోకి మరో పదార్థం చొరబడితే కాంతి దాన్ని పట్టుకుని దాటిపోతుంది. రెండు పట్టకాల ముఖాలను అంత దగ్గరగా చేరిస్తే మొదటిదానిలో ఆగాల్సిన కాంతి రెండోదానిలో బయటపడుతుంది.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. నీటిలోంచి గోడకు వచ్చే కాంతికి గాజు మందం లెక్కలోకి రాదు. గోడ రెండు ముఖాలు సమాంతరం కాబట్టి గాజు మధ్యవర్తిలా వచ్చి తప్పుకుంటుంది, మిగిలేది నీరు, గాలి లెక్కే: 1 ÷ 1.33 = 0.752, సందిగ్ధ కోణం 48.8°. పైనుంచి నిటారు గీతకు 61° లోపు ఏ కోణంలో చూసినా మన చూపు రేఖ ఎదుటి గోడను అంతకన్నా ఎక్కువ కోణంతో తాకుతుంది. అందుకే వెండి తెర. పొడి వేలు తేలికగా ఆనితే, వేలికీ గాజుకూ మధ్య చాలా చోట్ల గాలి మిగులుతుంది. ఆ ఖాళీ కంటికి కనబడదు గానీ, 265 నానోమీటర్ల లాంటి దూరాల ముందు అది పెద్ద అగాధమే. తడి వేలు అదిమినప్పుడు గీతల ఉబ్బులు నీటి పొరతో గాజును అంటుకుంటాయి. అక్కడ అవతల గాలి లేదు, హద్దు తొలగింది, కాంతి చర్మాన్ని చేరింది. పల్లాల్లో గాలి అలాగే ఉంది. కాంతితో పనిచేసే వేలిముద్ర యంత్రాల్లో చాలా వాటి గాజు పలక కింద జరిగేది కూడా ఈ ఉబ్బులకూ పల్లాలకూ మధ్య తేడాను కెమెరాతో పట్టుకోవడమే.

ఈ పనికి స్నెల్ నియమం తప్పనిసరిగా తెలియాలా అని ఎవరైనా అడిగితే, కెప్లర్‌ను చూపించవచ్చు. స్నెల్ తన నియమాన్ని 1621లో కనుగొన్నాడు. దానికి పదేళ్ల ముందే, 1611లో అచ్చైన గ్రంథంలో, గాజులో సుమారు 42° దాటితే కాంతి బయటికి రాదని కెప్లర్ రాశాడు. సరైన నియమం చేతిలో లేకుండానే, చిన్న కోణాలకు పనిచేసే ఉజ్జాయింపు సూత్రంతోనూ కొలతలతోనూ ఆ సంఖ్యను అందుకున్నాడు. మన 41.8°కు ఐదో వంతు డిగ్రీ తేడా.